మామ మిద్దె మీద నా తప్పు లెక్క

పోయిన ఆదివారం పులివెందుల నుంచి మామ ఫోన్ చేశాడు. మామూలుగా అయితే ముందు వాన గురించి, ఆ తర్వాత చీనీకాయల రేటు గురించి మాట్లాడాకే అసలు విషయానికి వస్తాడు. ఈసారి ఆ రెండూ లేవు.

"అల్లుడా, నాలుగేండ్లలో పెట్టిన డబ్బులు తిరిగొస్తాయంటివే. ఏడాది అయిపాయె. లెక్కేస్తే పదహారు వేలే తేలె. ఇట్లయితే ఎన్నేండ్లు పడుతుంది?"

తప్పు నాదే. ఏడాది కిందట మామ మిద్దె మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించింది నేనే. చీటీ పాడి తెచ్చిన డబ్బు అది. అప్పుడు నేను వేసిన లెక్క చాలా సింపుల్. సిస్టమ్ ఖరీదు 2 లక్షలు. పీఎం సూర్యఘర్ సబ్సిడీ 78 వేలు పోతే చేతి నుంచి పడేది 1,22,000. మన కడప జిల్లా ఎండకు ఒక కిలోవాట్ ఏడాదికి 1,400 యూనిట్లు ఇస్తుందనుకున్నా, అంటే మొత్తం 4,200. యూనిట్ 7 రూపాయలు వేసుకుంటే ఏడాదికి 29,400. భాగిస్తే నాలుగేళ్ల రెండు నెలలు. వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పంపి, పని అయిపోయిందనుకున్నా.

ఫోన్ పెట్టేశాక మొదట ప్యానెళ్ల మీదే అనుమానపడ్డా. ఇన్వర్టర్ యాప్ తెరిచి చూస్తే ఏడాదికి 4,180 యూనిట్లు వచ్చాయి. నేను చెప్పినదానికి 20 తక్కువ, అంతే. ప్యానెళ్లు వాటి పని అవి చేశాయి. తేడా అంతా ఆ '7 రూపాయలు' దగ్గర ఉంది. నేను కోడ్ రాసి బతికేవాణ్ణి. ఎవరైనా ఇలాంటి నంబర్‌ను కోడ్‌లో నేరుగా రాసేస్తే రివ్యూలో ఒప్పుకోను. ఇంట్లోవాళ్ల డబ్బు దగ్గర మాత్రం అదే చేశా.

మన కరెంటు బిల్లులో యూనిట్‌కు ఒకే రేటు ఉండదు కదా. 2022లో వచ్చిన స్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు రూ.1.90, అక్కణ్నుంచి 75 దాకా 3 రూపాయలు, 125 దాకా రూ.4.50, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా రూ.8.75, ఆ పైన రూ.9.75. మెట్లు ఎక్కినట్టు ఎక్కుతుంది. సోలార్ పెడితే ఏమవుతుందంటే, ఆ మెట్లు పైనుంచి కిందికి దిగుతాం. మీటర్ నెట్ చేసి మిగిలిన యూనిట్లకే బిల్లు వేస్తుంది కాబట్టి ముందు పోయేది ఖరీదైన యూనిట్లు. ఆ తర్వాత మధ్యవి, చివరికి చవకవి. అందుకే సోలార్ యూనిట్ విలువ ఎంత అని అడిగితే జవాబు ప్యానెల్‌లో దొరకదు, మీ పాత బిల్లులో దొరుకుతుంది.

ఈసారి స్లాబుల్ని స్లాబులుగానే రాశా. ఫోన్‌లో పైథాన్ యాప్ ఉన్నా చాలు:

```python
SLABS = [(30, 1.90), (75, 3.00), (125, 4.50),
         (225, 6.00), (400, 8.75), (float("inf"), 9.75)]

def bill(units):
    total, start = 0, 0
    for end, rate in SLABS:
        if units > start:
            total += (min(units, end) - start) * rate
        start = end
    return total

print(bill(400) - bill(50))
```

ఆ చివరి లైను ప్రొద్దుటూరులో మా ఇంటి లెక్క. ఏసీ, ఫ్రిజ్, మోటారు అన్నీ కలిపి సగటున నెలకు 400 యూనిట్లు కాలుస్తాం. 3 కిలోవాట్లు నెలకు 350 ఇస్తే మిగిలేది 50. ప్రోగ్రామ్ ఇచ్చే జవాబు 2,431 రూపాయలు. దీనికి యూనిట్ మీద పడే ఇంధన సర్దుబాటు 40 పైసలు, విద్యుత్ సుంకం 6 పైసలు కలిపితే నెలకు దాదాపు 2,590 ఆదా. ఏడాదికి 31 వేలు. 1,22,000 తిరిగి రావడానికి నాలుగేళ్ల కంటే ఒక నెల తక్కువ. అంటే సోలార్ అమ్మేవాళ్లు చెప్పే 'నాలుగేండ్లు' అబద్ధం కాదు. మా ఇంటికి అది నిజం. నేను చేసిన తప్పల్లా మా ఇంటి జవాబును తీసుకెళ్లి మామ ఇంటికి అతికించడం.

అసలు సంగతి కిలోవాట్ కిలోవాట్‌గా విడదీస్తే తెలుస్తుంది. మా ఇంట్లో మొదటి కిలోవాట్ నెలకు 1,077 రూపాయలు మిగిలిస్తుంది. రెండోది 909. మూడోది 606. మూడూ ఒకే ఎండలో ఒకే పని చేస్తాయి, కానీ మూడోదాని వంతు వచ్చేసరికి కొట్టేయడానికి ఖరీదైన యూనిట్లు మిగలవు. సబ్సిడీ కూడా అదే దారిలో ఉంది. మొదటి రెండు కిలోవాట్లకు తలా 30 వేలు, మూడోదానికి 18 వేలు, ఆ పైన ఎంత పెట్టినా సున్నా. నాకొచ్చిన కొటేషన్లలో 1 కిలోవాట్ 75 వేలు, 2 అయితే 1,40,000, 3 అయితే 2 లక్షలు. మూడో కిలోవాట్ ఒక్కదాన్నే విడిగా చూస్తే 42 వేలు పెట్టి ఏడాదికి 7,270 తెచ్చుకుంటున్నాం. దాని వాపసు కాలం దాదాపు ఆరేళ్లు. మొదటి రెండూ దాన్ని మోస్తున్నాయి కాబట్టి మొత్తం నాలుగేళ్లుగా కనిపిస్తోంది.

ఇప్పుడు పులివెందుల. మామ వాళ్లు ఇద్దరే, ఏసీ ఒకటే, అదీ ఏప్రిల్, మే నెలల్లో. సగటు 220 యూనిట్లు. ఎనర్జీ చార్జీ 987 రూపాయలు, సర్దుబాట్లు కలిపితే 1,088. మొత్తం బిల్లే అంత ఉన్నప్పుడు సోలార్ అంతకంటే ఎక్కువ ఎలా మిగిలిస్తుంది? నేను ఆయనకు నెలకు 2,450 వస్తుందని చెప్పా. ఆయన జీవితంలో కట్టని బిల్లును ఆదా చేసి చూపించా!

మిగిలిన 130 యూనిట్లు గ్రిడ్‌కు పోతాయి. వాటికి డబ్బు వస్తుంది కానీ పై స్లాబు రేటు రాదు, చాలా తక్కువ వస్తుంది. నా షీట్‌లో 2 రూపాయలు పెట్టుకున్నా. ఇది అన్యాయం అని మామ అంటాడు. కానీ ఇంకో వైపు నుంచి చూడండి. మా జమ్మలమడుగు పక్కనే మైలవరం దగ్గర సోలార్ పార్క్ ఉంది కదా, 2017 ఏప్రిల్‌లో అక్కడి 250 మెగావాట్ల వేలంలో ఒక ఫ్రెంచి కంపెనీ యూనిట్ రూ.3.15కు ఇస్తానని గెలిచింది. ఎండ కరెంటు టోకున ఆ ధరకు దొరుకుతుంటే మన మిద్దె మీది యూనిట్‌ను డిస్కం 8 రూపాయలకు ఎందుకు కొంటుంది? మన యూనిట్ విలువ అమ్మితే రాదు, మనం కొనకుండా ఉంటేనే వస్తుంది.

కాబట్టి మామకు బిల్లు మీద 13 వేలు, మిగులు మీద 3,100, మొత్తం ఏడాదికి 16,200 లోపు. వాపసు ఏడున్నరేళ్లు. అదే 2 కిలోవాట్లు పెట్టి ఉంటే చేతి నుంచి పడేది 80 వేలు, బిల్లు ఇదే మాదిరి సున్నాకు దగ్గరగా వచ్చేది, ఆరేళ్లలో తేలేది. ఒక్క కిలోవాట్ అయితే 45 వేలు పెట్టి ఐదేళ్ల పైచిలుకులో. నేను 'సబ్సిడీ పూర్తిగా వాడుకోవాలి కదా మామా' అని మూడోది పెట్టించాను. ఆయన ఇంట్లో ఆ మూడో కిలోవాట్ ఏడాదికి 2,800 తెస్తోంది. దానికి పెట్టిన 42 వేలు రావడానికి 15 ఏళ్లు కావాలి. 18 వేల సబ్సిడీ కోసం 42 వేలు పెట్టించా.

జమ్మలమడుగులో అవ్వ ఇల్లు ఇంకో రకం. నెలకు 100 యూనిట్లు, బిల్లు 350 రూపాయల చుట్టుపక్కల. ఆమె దగ్గరికీ సోలార్ మనుషులు వచ్చారు. బిల్లు మొత్తం మాఫీ అయినా ఏడాదికి మిగిలేది 4,200. ఒక్క కిలోవాట్‌కు 45 వేలు పెడితే దాదాపు పదకొండేళ్లు. ఆలోపు ఇన్వర్టర్ వారంటీ అయిపోయే చాన్స్ ఎక్కువ. వాపసు కాలం ఇన్వర్టర్ వారంటీని దాటితే కొత్త ఇన్వర్టర్ ఖర్చు కూడా లెక్కలో కలపాలి, అప్పుడు అది ఇంకా వెనక్కి పోతుంది. అదే 45 వేలు 7 శాతానికి బ్యాంకులో వేస్తే ఏడాదికి 3,150 వస్తుంది, అసలు అలాగే ఉంటుంది. పైగా ఆ ఇంటి సర్వీసు ఇంకా మా తాత పేరు మీదే ఉంది, సబ్సిడీకి అప్లై చేయాలంటే ముందు పేరు మార్చాలి. అవ్వకు వద్దని చెప్పేశా. "మంచిదే లేబ్బా, మిద్దె మీద వడియాలు ఎండబెట్టుకోవాల" అంది. (ఎస్సీ, ఎస్టీ, బీసీ కుటుంబాలకు రాష్ట్రం వేరే సాయం ప్రకటించింది. అది వర్తించే ఇళ్లలో చేతి నుంచి పడే మొత్తమే మారుతుంది కాబట్టి ఈ లెక్క మళ్లీ వేసుకోవాలి.)

ఇక్కడిదాకా రేట్లు పెరగవనే అనుకున్నాం. సోలార్ అమ్మేవాళ్ల ఎక్సెల్ షీట్‌లో ఏడాదికి 5 శాతం పెరుగుదల అని ఒక కాలమ్ ఉంటుంది. అది పెడితే గ్రాఫ్ అందంగా పైకి పోతుంది. నేనూ పెట్టి చూశా. మా ప్రొద్దుటూరు ఇంట్లో దాని వల్ల వాపసు తగ్గింది మూడు నెలలే. మామ ఇంట్లో ఏడాది తగ్గింది. అవ్వ ఇంట్లో దాదాపు రెండేళ్లు. కాలం ఎంత పొడవైతే ఆ 5 శాతం అంత పని చేస్తుంది. అంటే లెక్క బలహీనంగా ఉన్న ఇంట్లోనే ఈ ఊహ ఎక్కువ మోస్తోంది. 5 తీసి 0 పెట్టినా ఒప్పుకోదగ్గ జవాబు వస్తేనే నేనైతే ముందుకు పోతా.

పైగా రేట్లు అలా ఏటా సమానంగా పెరగవు. 2022 మార్చి చివర్లో ఈఆర్‌సీ ప్రకటించిన పెంపు గుర్తుందా? 75 నుంచి 125 దాకా ఉన్న స్లాబుకు యూనిట్‌కు రూ.1.40 పెరిగింది, దాని పైదానికి రూ.1.57. అన్నిటికంటే పైన 400 దాటిన స్లాబుకు పెరిగింది 55 పైసలే. అంటే మధ్య మెట్లు బాగా ఎత్తయ్యాయి, పై మెట్టు కొంచెమే. ఆ తర్వాత స్లాబు రేట్లు ఏళ్ల తరబడి కదలలేదు. పెరుగుదల వచ్చింది మాత్రం సర్దుబాటు చార్జీల పేరుతో. అందులోనూ రెండు రకాలు. నెలనెలా యూనిట్ మీద వేసే 40 పైసల్ని సోలార్ తగ్గిస్తుంది. 2022-23కు సంబంధించి 2024 డిసెంబరు నుంచి బిల్లుల్లో వేసినది మాత్రం ఎప్పుడో వాడేసిన యూనిట్ల బాకీ. ఈ రోజు మిద్దె నిండా ప్యానెళ్లు పరిచినా పాత బాకీ పోదు. మామ 'సోలార్ పెట్టినా ఇదేంది' అని చూపించిన లైన్లలో ఇదొకటి. ఇంకొకటి ఫిక్స్‌డ్ చార్జీ, అదీ పోదు.

ఇక ప్యానెళ్ల అరుగుదల. అందరూ దీని గురించే భయపడతారు. మొదటి ఏడు 2 శాతం దాకా, ఆ తర్వాత ఏటా అర శాతం చొప్పున ఉత్పత్తి తగ్గుతుందని అనుకోవచ్చు. వారంటీ కాగితంలో కూడా 25వ ఏట 85 శాతం చుట్టుపక్కల రాసి ఉంటుంది. ఐదో ఏడు వచ్చేసరికి 4 శాతం, అంటే 350లో 14 యూనిట్లు పోయాయనుకుందాం. మామూలుగా అయితే ఆదా కూడా 4 శాతం తగ్గిందని, అంటే మా ఇంట్లో నెలకు 104 రూపాయలు పోయాయని లెక్కేస్తారు. నేనూ అలాగే వేశా. కానీ స్లాబులతో చూస్తే వేరే సంఖ్య వచ్చింది. ప్యానెల్ బలహీనపడితే గ్రిడ్ నుంచి కొనేది 50 బదులు 64 అవుతుంది. ఆ అదనపు 14 యూనిట్లు 3 రూపాయల మెట్టు మీదే ఉన్నాయి. సర్దుబాట్లతో కలిపి పోయేది 48 రూపాయలు. పైనుంచి కొట్టుకుంటూ వచ్చాం కాబట్టి చివరికి తిరిగి వచ్చేవి చవక యూనిట్లే. మా ఇంటి వాపసు కాలంలో అరుగుదల వల్ల వచ్చే తేడా మొత్తం కలిపి మూడు వారాలు. మామ ఇంట్లో ఆ 14 యూనిట్లు మిగుల్లోంచి పోతాయి, నష్టం 28 రూపాయలు. 400 యూనిట్ల ఇంటికి ఒక్క కిలోవాటే పెట్టుకున్నవాళ్లకు మాత్రం పోయే ప్రతి యూనిటూ రూ.8.75దే.

అరుగుదల కంటే మా వైపు దుమ్ము ముందు చూసుకోవాలి. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు నాపరాయి కోసే మిషన్ల పొడి గాల్లోనే ఉంటుంది. 10 శాతం ఉత్పత్తి దుమ్ముకు పోవడం పెద్ద విషయం కాదు, అరుగుదలకు అంత పోవాలంటే పదిహేనేళ్లకు పైనే కావాలి. తెలుసుకోవడం తేలిక. మబ్బు లేని రోజు యాప్‌లో ఎన్ని యూనిట్లు వచ్చాయో రాసుకోండి, సాయంత్రం చల్లబడ్డాక కడగండి, మర్నాడు కూడా మబ్బు లేకపోతే పోల్చండి. బోరు నీళ్లతో కడిగి వదిలేస్తే తెల్లటి ఉప్పుచార గట్టిపడి దుమ్ముకంటే పాడుగా తయారవుతుంది, చివర్లో రబ్బరు వైపర్‌తో లాగేయాలి. మే నెలలో ఎండ మండిపోతుంటే యూనిట్లు తగ్గాయేంటని కంగారుపడకండి. ప్యానెల్ 65 డిగ్రీలకు వేడెక్కితే దాని బలం పది శాతం పైగా తగ్గుతుంది. దానికి కావలసింది వెలుతురు, వేడి కాదు.

ఇంకో చిన్న జాగ్రత్త. పైన అంతా ఏడాది సగటు మీద చెప్పా. నిజానికి మా ఇంట్లో మే నెల 600 దాటుతుంది, డిసెంబరులో 250 కూడా రాదు. చలికాలంలో మాకూ మిగులు వస్తుంది. మీరు వేసేటప్పుడు 12 నెలల బిల్లులు విడివిడిగా పెట్టి `bill()`ను 12 సార్లు పిలిచి కూడండి. పాత యూనిట్లన్నీ సర్వీసు నంబర్ కొడితే ఏపీఎస్పీడీసీఎల్ యాప్‌లో దొరుకుతాయి.

బుధవారం రాత్రి మామకు ఫోన్ చేసి మొత్తం చెప్పా. ఏడున్నరేళ్లు అనగానే కాసేపు మాట్లాడలేదు. "సరే, ఆ మూడోదాన్ని ఊడబెరికి అమ్ముదామా?" అన్నాడు. అది కుదరదు, సబ్సిడీ తీసుకుని బిగించిన సిస్టమ్. దానికి బదులు ఆ 130 యూనిట్లకు ఇంట్లోనే 2 రూపాయల కంటే మంచి పని వెతకాలి. ఒకటి దొరికింది. 14.2 కిలోల గ్యాస్ సిలిండర్ చేసే వంటను ఇండక్షన్ పొయ్యి మీద చేస్తే నా లెక్కలో 120 యూనిట్ల దాకా పడుతుంది. సిలిండర్ 900 అనుకుంటే యూనిట్ విలువ ఏడున్నర. గ్రిడ్‌కు 2 రూపాయలకు ఇచ్చేదానికి వంటింట్లో ఏడున్నర!

వాళ్లకు ఒక సిలిండర్ నెలన్నర వస్తుంది. అంటే వంటంతా మారిస్తే నెలకు 80 యూనిట్లు. మామ స్పీకర్ ఆన్ చేశాడు. అవతల నుంచి అత్త గొంతు వినిపించింది. "సంగటి గెలకడానికి ఆ అద్దం పొయ్యి పనికొస్తుందా? జొన్నరొట్టె మంట మీద కాల్చకపోతే పొంగుతుందా? పాలు, అన్నం, పప్పు అంటే సరే."

షీట్‌లో 80 కొట్టేసి 40 పెట్టా. పొయ్యికి 3 వేలు కలిపా. ఏడున్నరేళ్లు కాస్తా ఆరేళ్ల తొమ్మిది నెలలయింది. ఈసారి స్క్రీన్‌షాట్ పంపలేదు, షీట్ లింకే పంపా. ప్రతి నెలా బిల్లు రాగానే మామ తన చేత్తో యూనిట్లు ఎక్కిస్తానన్నాడు. మొదటి నెల కాలమ్ అప్పుడే నిండింది, పక్కన ఒక కామెంట్ కూడా ఉంది: "పాలు పొంగినాయి. అత్త తిట్టింది. యూనిట్లు 31."